ఎక్స్‌రే తల్లికి ఎముక పెరిగిందంది, కొడుక్కి ఏమీ లేదంది: పొద్దున్న మడమ నొప్పి మూడింటిలో ఏది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా ఫిజియోథెరపీ గదికి ఒక ఉదయం తల్లీకొడుకులు కలిసి వచ్చారు. ఆవిడకి 48 ఏళ్లు, బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కొడుక్కి 21, ఆర్మీ ర్యాలీకి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఇద్దరికీ కుడి మడమే. ఇద్దరూ చెప్పిన మాట కూడా ఒకటే: "పొద్దున్న లేచి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోతోంది." మాట ఒకటే కాబట్టి ఇంట్లో వైద్యమూ ఒకటే అయింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ఒకే నీళ్ల సీసాని ముందు తల్లి, తర్వాత కొడుకు అరికాలి కింద పెట్టి దొర్లించేవాళ్లు. రెండు వారాలకి తల్లికి కాస్త నయంగా ఉంది. కొడుకు కుంటుతూ వచ్చాడు.

చేతిలో రెండు ఎక్స్‌రేలు ఉన్నాయి. తల్లి ఎక్స్‌రేలో మడమ ఎముక కింద చిన్న ముల్లులాంటిది ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తోంది. కొడుకు ఎక్స్‌రే పూర్తిగా శుభ్రంగా ఉంది. "నాకు ఎముక పెరిగిందట బాబూ, ఆపరేషనంటారేమో. వీడికేటీ లేదు, వట్టి నొప్పే" అంది ఆవిడ. పరీక్ష చేసి చూస్తే సరిగ్గా తిరగబడింది. ఎముక జబ్బు ఉన్నది కొడుక్కి. తల్లికి ఎముకతో పెద్దగా పని లేదు.

పొద్దున్న మొదటి అడుగులో మడమ నొప్పి అనగానే అందరూ ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి పట్టీ నొప్పి, అనేస్తారు. పదిమందిలో ఎక్కువమందికి అది నిజమే. కానీ అదే నొప్పి వేషంలో నరం నొక్కుకుపోవడం రావచ్చు, మడమ ఎముకలో సన్న పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, కూడా రావచ్చు. ఒకదానికి మంచిదైన వైద్యం రెండోదానికి చెరుపు. అందుకే ఏ మందు, ఏ చెప్పులు అని ఆలోచించే ముందు ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి. దానికి మెషీన్ల కంటే గడియారమూ, మీ చూపుడు వేలూ ఎక్కువ ఉపయోగపడతాయి.

మొదటి అడుగు కాదు, ఇరవయ్యో అడుగు చూడండి

మడమ ఎముక కింద లోపలివైపు నుంచి బయలుదేరి కాలివేళ్ల దాకా గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. అరికాలి వంపుని నిలబెట్టేది అదే. దాని మొదట్లో, ఎముకకి అతుక్కున్న చోట, రోజూ పడే బరువుకి నారలు చిట్లి మందమెక్కితే అదే ఫేషియైటిస్. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది. పిక్క, పట్టీ రెండూ ముడుచుకున్న స్థితిలోనే గంటలు గడుపుతాయి. పొద్దున్న లేచి బరువు వేయగానే ఆ పట్టీ ఒక్కసారిగా సాగాలి. ఆ చురుక్కు అదే. పెరట్లోకి వెళ్లి పళ్లు తోముకునే లోపు పట్టీ సాగి, నొప్పి సగానికి తగ్గుతుంది. మళ్లీ అరగంట కూర్చుని లేస్తే మళ్లీ చురుక్కు. సాయంత్రం ఎక్కువసేపు నిలబడితే మందంగా సలుపు. మంచం ఎక్కితే దాదాపు ఏమీ ఉండదు.

పగిలిన ఎముకకి ఈ సాగడం, ముడవడం గొడవ లేదు. దానికి కావలసింది బరువు పడకపోవడం ఒక్కటే. రాత్రంతా బరువు లేదు కాబట్టి ఊరుకుంటుంది, పొద్దున్న మొదటి అడుగు పడగానే అరుస్తుంది. కనక మొదటి అడుగు దగ్గర ఇది ఫేషియైటిస్‌లాగే ఉంటుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. ఇరవై అడుగులు వేసినా తగ్గదు. నడిచిన కొద్దీ, పరిగెత్తిన కొద్దీ పెరుగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది.

నరానిది ఇంకో దారి. దానికి పొద్దున్న నొప్పి ఉన్నా సాధారణంగా అంత గొప్పగా ఉండదు. రోజంతా నిలబడి, బూట్లు బిగించుకుని తిరిగాక సాయంత్రం మొదలవుతుంది. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. ముఖ్యంగా, పని ఆపి కాళ్లు చాపుకున్నాక కూడా చాలాసేపు వదలదు. రాత్రి పడుకున్నప్పుడు మడమ మండితే పట్టీ మీద అనుమానం తగ్గించుకోవాలి.

అందుకని నా దగ్గరికి వచ్చినవాళ్లకి మూడు రోజులు ఒక చిన్న లెక్క రాయమంటాను. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు, రోజుకి నాలుగుసార్లు: మొదటి అడుగు, పది నిమిషాల నడక తర్వాత, సాయంత్రం, మంచం మీద పడుకున్నాక. వంటమ్మ గారి లెక్క 7, 2, 5, 0. కొడుకుది 5, 5, 8, 1. అదే వారం కాశీనగర్ నుంచి బట్టల కొట్లో పనిచేసే ఒకాయన వచ్చాడు, 52 ఏళ్లు, ఆయనది 2, 2, 6, 5. ఈ మూడు వరసలూ పక్కపక్కన పెడితే పేరు చెప్పకుండానే ఏది ఎవరిదో తెలిసిపోతుంది. మొదటి రెండు అంకెల మధ్య పడిపోవడం పట్టీది, పడిపోకపోవడం ఎముకది, చివరి అంకె దిగకపోవడం నరానిది.

అయితే ఇది నూటికి నూరు పాళ్లు కాదు. ఫేషియైటిస్ ముదిరి నెలలు గడిచినవాళ్లకి నడిచినా పూర్తిగా తగ్గదు. పగులు మొదలైన తొలి రోజుల్లో ఒళ్లు వేడెక్కాక నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, కుర్రాళ్లు దాన్నే నమ్ముకుని పరిగెత్తుతారు. కాబట్టి గడియారం చెప్పినదాన్ని వేలితో సరిచూసుకోవాలి.

నొప్పి ఎక్కడో చూపించమంటే చెయ్యి ఎలా కదులుతుంది

"ఎక్కడ నొప్పి?" అని అడిగి నోటిని కాక చేతిని చూస్తాను. వంటమ్మ గారు చూపుడు వేలితో ఒకే చోట పొడిచి చూపించింది: అరికాలి వైపు, మడమ ముందు అంచున, లోపలికి. అక్కడ బొటనవేలితో నొక్కితే కాలు లాక్కుంది. ఆవిణ్ణి నిలబెట్టి కాలి బొటనవేలిని పైకి ఎత్తితే అదే చోట లాగింది. బొటనవేలు ఎత్తితే పట్టీ బిగుసుకుంటుంది, అందుకు. ఈ పరీక్షలో నొప్పి వస్తే పట్టీదే అని గట్టిగా చెప్పొచ్చు. రాకపోతే మాత్రం పట్టీ కాదని అనడానికి లేదు, చాలామందికి రాదు.

కొడుకు వేలితో చూపించలేదు. మడమని వెనక నుంచి అరచేతిలో పట్టుకుని "ఇదంతా" అన్నాడు. అలా పట్టుకుంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. అతన్ని బోర్లా పడుకోబెట్టి, రెండు అరచేతుల మధ్య మడమ ఎముకని పక్కల నుంచి, అరికాలికి పైగా, చీలమండ వెనక కింద, నిమ్మకాయ నొక్కినట్టు నొక్కాను. "అమ్మా" అన్నాడు. ఎడమ మడమకి అంతే బలంతో నొక్కితే ఏమీ లేదు. తల్లికి అలాగే నొక్కితే ఆవిడ నవ్వి "అక్కడ కాదు బాబూ, కింద" అంది. పట్టీ నొప్పి కింద నుంచి నొక్కితే వస్తుంది, ఎముక నొప్పి పక్కల నుంచి నొక్కితే వస్తుంది. ఈ ఒక్క పరీక్షని ఇంట్లో కూడా చేసుకోవచ్చు, కానీ రెండు కాళ్లకీ చేసి పోల్చాలి. ఒంటికాలి మీద గెంతి చూడమని కొందరు చెబుతారు. పగులు అనుమానం ఉన్న కాలితో గెంతడం వద్దు, సన్న పగులు పెద్దదయ్యే అవకాశం ఉంటుంది.

బట్టల కొట్టాయన చేతిది ఇంకో కదలిక. ఒక చోట ఆగలేదు. లోపలి చీలమండ కింద మొదలుపెట్టి మడమ లోపలి గోడ మీదుగా అరికాలి అంచు దాకా గీత గీసినట్టు రాసుకుంటూ వెళ్లింది. అక్కడ బాక్స్‌టర్ నరం అనే చిన్న కొమ్మ పోతుంది. బొటనవేలిని పక్కకి లాగే కండ కింద, దాని గట్టి పొరకీ లోపలి కండకీ మధ్య సందులో దూరి, మడమ అడుగున అడ్డంగా బయటివైపుకి తిరుగుతుంది. ఆ సందు బిగుసుకుంటే నరం నలుగుతుంది. ఆ గోడ మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఆయన మంట ముందుకి పాకింది.

ఈ నరం నలిగితే చర్మం మొద్దుబారదు, దాని పని ప్రధానంగా చిటికెనవేలిని పక్కకి కదిపే కండకి ఆజ్ఞ ఇవ్వడం. అందుకే "తిమ్మిరి లేదు కదా, నరం కాదు" అని తోసేయడం పొరపాటు. రెండు పాదాల వేళ్లనీ విసనకర్రలా విప్పమంటే ఆయన ఎడమ చిటికెనవేలు పక్కకి వెళ్లింది, కుడిది వెళ్లలేదు. నిజానికి చాలామందికి ఏ కాలి చిటికెనవేలూ కదలదు, అప్పుడు ఈ పరీక్షకి విలువ లేదు. ఒక కాలిది కదిలి, నొప్పి ఉన్న కాలిది కదలకపోతేనే లెక్క. దీనికి పైన, చీలమండ వెనకే పెద్ద నరం నలిగితే టార్సల్ టన్నెల్ అంటారు. అప్పుడు మాత్రం అరికాలంతా, వేళ్ల దాకా తిమ్మిరి పాకుతుంది. చీలమండ వెనక వేలితో తడితే జివ్వుమంటుంది.

ఇక్కడ మన వైపు వాళ్లకి ఒక మాట. డాక్టరు ఒడియా ఆయనైతే మనవాళ్లు "గోఇఠి బింధుఛి" అని ఊరుకుంటారు, మడమ నొప్పి అని. ఆ ఒక్క ముక్కతో ఎవరైనా ఫేషియైటిస్ మందే రాస్తారు. తిమ్మిరైతే "ఝింఝిం" అనండి, మంటైతే "పొడాజళా" అనండి, అవి ఏ పూట వస్తాయో కూడా చెప్పండి. తెలుగులో మనం సలుపు, పోటు, మంట, తిమ్మిరి అని తేడాలు బాగానే చెబుతాం. భాష మారేసరికి అన్నీ కలిపి నొప్పి అయిపోతాయి.

ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ: దేనికి డబ్బు పెట్టాలి

తల్లి ఎక్స్‌రేలో కనబడ్డ ముల్లుని హీల్ స్పర్, అంటే మడమ ముల్లు, అంటారు. పేరు వింటేనే గుచ్చుకున్నట్టు ఉంటుంది. కానీ మడమ నొప్పే లేనివాళ్లకి ఎక్స్‌రే తీసినా చాలామందికి ఆ ముల్లు కనిపిస్తుంది. పైగా అది తరచు పట్టీలో కాక, దాని పైన ఉన్న చిన్న కండ మొదట్లో ఉంటుంది. నొప్పి పోయినవాళ్లకి కూడా ముల్లు అలాగే ఉండిపోతుంది. అందుకే ముల్లు కనబడిందని ఆపరేషన్‌కి పరిగెత్తడం, కనబడలేదని ఫేషియైటిస్ కాదనుకోవడం, రెండూ తప్పే. లక్షణాలు తల్లి లెక్కలా స్పష్టంగా ఉంటే నిజానికి ఏ ఫొటో అవసరం లేదు. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్ చాలు. పట్టీ మందం 4 మిల్లీమీటర్లు దాటితే ఫేషియైటిస్ వైపు మొగ్గుతాం.

కొడుకు ఎక్స్‌రే శుభ్రంగా ఉండటానికి కారణం అది తీసిన రోజు. నొప్పి మొదలైన తొమ్మిదో రోజు తీశారు. మడమ ఎముక లోపల స్పాంజిలాంటి ఎముక ఉంటుంది. అందులో సన్న పగులు పడితే మొదట ఎక్స్‌రేకి ఏమీ కనబడదు. ఎముక మాన్పుకోవడం మొదలుపెట్టి అక్కడ కొత్త ఎముక పేరుకున్నాక, అంటే రెండు మూడు వారాల తర్వాత, మడమ వెనక భాగంలో అడ్డంగా తెల్లని గీతగా బయటపడుతుంది. అందాకా "నార్మల్" అని రాసిన రిపోర్టుకి అర్థం పగులు లేదని కాదు, ఇంకా కనబడలేదని. తొలి రోజుల్లోనే తేల్చేది ఎంఆర్ఐ. ఎముక లోపలి వాపుని చూపిస్తుంది.

ఎంఆర్ఐకి ఇక్కడి నుంచి శ్రీకాకుళమో బరంపురమో వెళ్లాలి, ఒక రోజు కూలి పోతుంది, డబ్బూ అవుతుంది. ఆ ఇంటికి అది చిన్న ఖర్చు కాదు. రెండు దారులు వాళ్ల ముందు పెట్టాను. ఒకటి, ఎంఆర్ఐ తీసి వెంటనే తేల్చుకోవడం. రెండోది, పగులే ఉందనుకుని ఇవాళ్టి నుంచే పరుగు పూర్తిగా మాని, నొప్పి మొదలై నెల దాటేలోపు మళ్లీ మామూలు ఎక్స్‌రే తీయడం. రెండో దారిలో నష్టం ఏమిటంటే, పగులు కాకపోతే మూడు వారాల ప్రాక్టీసు వృథా. ర్యాలీ తేదీ దగ్గర పడి, పరిగెత్తాలా వద్దా అని ఈ వారమే తేలాల్సి ఉంటే మొదటి దారికే డబ్బు పెట్టమంటాను. కాకపోతే రెండోది సరిపోతుంది. పరుగు ఆపకుండా, ఎంఆర్ఐ తీయకుండా ఎక్స్‌రే నార్మల్ అని ధైర్యంగా ఉండటం మాత్రం దారి కాదు. వాళ్లు రెండోది ఎంచుకున్నారు. ముప్పయ్యో రోజు తీసిన ఎక్స్‌రేలో తెల్లని గీత కనబడింది.

నరానికి ఎక్స్‌రే పనికిరాదు. నరాల కరెంటు పరీక్ష టార్సల్ టన్నెల్‌కి కొంత ఉపయోగపడుతుంది, బాక్స్‌టర్ నరం లాంటి చిన్న కొమ్మకి నమ్మకంగా దొరకదు. ఎంఆర్ఐలో చిటికెనవేలి కండ కరిగి కొవ్వుగా మారితే అది గట్టి సాక్ష్యం, కానీ ఆలస్యంగా వచ్చే సాక్ష్యం. అనుభవమున్న డాక్టర్లు ఆ నరం పక్కన మొద్దుబార్చే మందు కొద్దిగా ఎక్కించి చూస్తారు. మందు పనిచేసినన్ని గంటలూ నొప్పి మాయమైతే నరమే అని బలంగా అనుకోవచ్చు. ఈ పరీక్షలన్నిటి కంటే ముందు చేయించాల్సినవి మాత్రం షుగరు, బి12. రెండు పాదాలకీ సమంగా తిమ్మిరి ఉంటే నరం నలగడం కంటే అవే ఎక్కువసార్లు కారణం.

ఇంకొకటి, మన జిల్లాల్లో మర్చిపోకూడనిది. కుష్ఠు చీలమండ లోపలివైపు వెనక పోయే ఇదే పెద్ద నరాన్ని పట్టుకుంటుంది. ఒడిశాలో ఆ జబ్బు ఇంకా ఉంది. అరికాలు మొద్దుబారి, ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే, చెప్పులు మార్చుకుంటూ కూర్చోకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోవాలి. మందులు ఉచితం, తొందరగా మొదలుపెడితే నరం దక్కుతుంది. పేరు ఎత్తడానికి మొహమాటపడి పాదం పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

తేలాక ఎవరికి ఏది

తల్లికి చెప్పిన పని మంచం దిగక ముందే మొదలవుతుంది. కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లని చేత్తో పట్టుకుని వెనక్కి, మోకాలివైపుకి వంచాలి. రెండో చేత్తో అరికాలిని తడిమితే పట్టీ తాడులా బిగిసింది తెలియాలి. పది లెక్కపెట్టి వదలాలి, అలా పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మొదటి విడత తప్పనిసరిగా కాలు నేల మీద పెట్టక ముందే. ఇది చేయకుండా లేచి, పని అంతా అయ్యాక తీరిగ్గా చేస్తే సగం లాభం పోతుంది.

రెండోది బరువు పని. గుమ్మం మెట్టు మీద నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మూడు లెక్కపెడుతూ మడమ ఎత్తాలి, రెండు లెక్కల సేపు ఆగాలి, మూడు లెక్కల్లో దించాలి. రోజు విడిచి రోజు. పన్నెండుసార్లు చేసేసరికి ఇక చేయలేననిపించేంత బరువు ఉండాలి. రెండు కాళ్లతో తేలికైతే ఒక కాలితో, అది కూడా తేలికైతే భుజానికి సంచిలో పుస్తకాలు వేసుకుని. వయసొచ్చిన ఆడవాళ్లకి ఇది చెబితే నవ్వుతారు, తర్వాత నిజంగానే చేస్తారు. ఫలితం వారాల్లో కాక నెలల్లో వస్తుంది. మూడో నెలకి చాలామందికి తేడా తెలుస్తుంది, పూర్తిగా పోవడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఇంట్లో సిమెంటు గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగడం మానమన్నాను. వంటింట్లోకి చెప్పులేమిటని ఆవిడ అభ్యంతరం. చివరికి ఇంట్లోకే అని కొత్త మెత్తని జత ఒకటి కొనడంతో రాజీ పడింది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి అందరూ అడుగుతారు. ఒక నెల హాయిగా ఉంటుంది, ఆ తర్వాత లాభం కరిగిపోతుంది. పదేపదే వేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు దిండు కరిగే ప్రమాదం ఉన్నాయి. ఫేషియైటిస్‌కే నేను దాన్ని చివర పెడతాను. కొడుక్కి ఫేషియైటిస్ అనుకుని అదే వేసి ఉంటే? నొప్పి తెలియకుండా పరిగెత్తి పగులుని పెద్దది చేసుకునేవాడు. నొప్పి మాత్రలు మింగి ప్రాక్టీసు సాగించినా అంతే.

కొడుకు కథలో అసలు తప్పు అంకెల్లో ఉంది. వారానికి మూడు రోజులు, రోజుకి రెండు కిలోమీటర్లు పరిగెత్తేవాడు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుందని, స్నేహితులతో పోటీపడి ఆరు రోజులు, రోజుకి ఐదారు కిలోమీటర్లకి ఒక్కసారి ఎక్కించాడు. వారానికి ఆరు కిలోమీటర్లు ముప్పై దాటాయి. తారు రోడ్డు, అడుగు అరిగిన కాన్వాస్ బూట్లు. ఎముకకి తనని తాను సరిచేసుకునే వ్యవధి దొరకలేదు, మూడో వారం చివర నొప్పి మొదలైంది. మడమ నొప్పికి ముందు నెలలో ఇలాంటి ఎగబాకుడు ఉందా అని అడగడం నాకు ఏ పరీక్ష కన్నా ఎక్కువ విలువైన ప్రశ్న. కుర్రాళ్లకే కాదు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు, ఏళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు కొండ ఎక్కే యాత్రకి వెళ్లొచ్చి మడమ పట్టుకుంటే ఇదే అడగాలి. వాళ్ల ఎముక ముందే పలచన.

అతనికి ఇచ్చిన సలహా: ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు లేదు, గెంతడం లేదు. నడిస్తే నొప్పి వచ్చినన్ని రోజులు చంకకర్ర, లేదా డాక్టరు ఇచ్చిన బూటు. సీసా దొర్లించడం, మెట్టు మీద మడమ ఎత్తడం, ఏవీ వద్దు. తల్లికి మందు అయినది ఇతనికి బరువు. డి విటమిన్ చూపించుకోమన్నాను. పరుగు దమ్ము తగ్గిపోకుండా సైకిలు తొక్కొచ్చు, నొప్పి లేనంతవరకు. పక్కల నుంచి నొక్కితే నొప్పి లేకుండా, అరగంట నడిచినా నొప్పి లేకుండా అయ్యాక, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక అని మట్టి నేల మీద మొదలుపెట్టాడు. మడమ ఎముక మంచి రక్త ప్రసరణ ఉన్న ఎముక, విశ్రాంతి ఇస్తే బాగా అతుక్కుంటుంది. ఆ ఏడు ర్యాలీ మాత్రం పోయింది. అతనికి ఆ కోపం నా మీద చాలా రోజులు ఉంది.

కొట్టాయనది చెప్పుల కథ. మడమ నొప్పికని మందుల షాపులో గట్టి వంపు ఉన్న ఇన్‌సోల్ కొని బూట్లలో పెట్టుకున్నాడు. పట్టీ నొప్పికి అది సాయం చేసేదే. కానీ ఆ వంపు సరిగ్గా ఆయన నరం పోయే సందు మీద రోజుకి పది గంటలు నొక్కింది. అది తీసేసి, వదులు చెప్పులు వేసుకుని, మధ్యమధ్య కూర్చోమంటే మూడు వారాల్లో రాత్రి మంట 5 నుంచి 2కి దిగింది. ఇలా ఆరు వారాల్లో దిగకపోతే అప్పుడు ఇంజెక్షన్ పరీక్ష, ఆ తర్వాత ఎప్పుడో అరుదుగా ఆపరేషన్.

ఆయన ఇంట్లో ఇంకో వైద్యం కూడా జరుగుతోంది, దాన్ని వెంటనే ఆపించాను: కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమతో తొక్కడం. మన ఇళ్లలో మడమ నొప్పికి మొదటి మందు అదే. పట్టీ నొప్పికి గోరువెచ్చని కాపడం వల్ల హాయి ఉంటే ఉండొచ్చు. నరం దెబ్బతిన్న పాదానికి, షుగరు ఉన్న పాదానికి వేడి ఎంతో తెలియదు. కాలినా తెలియదు. బొబ్బ పుండు అయ్యాక వస్తారు.

ఈ మూడూ ఎప్పుడూ విడివిడిగానే ఉండవు. నెలల తరబడి మందమెక్కిన పట్టీ పక్కనే ఉన్న బాక్స్‌టర్ నరాన్ని ఒత్తుతుంది, రెండూ కలిసి వస్తాయి. అందుకే వంటమ్మ గారికి చెప్పాను: మూడు నెలలు బుద్ధిగా చేశాక మొదటి అంకె దిగి, నాలుగో అంకె మాత్రం పైకి లేస్తే, వ్యాయామం పెంచకుండా నా దగ్గరికి రండి అని. ఒక్కసారిగా "టప్" మని చప్పుడై అరికాలు నీలం తిరిగితే పట్టీ తెగినట్టు, అదే రోజు రావాలి. జ్వరంతో మడమ వాచినా అంతే. నలభై లోపు వయసువాళ్లకి రెండు మడమలూ నొప్పి, పొద్దున్న నడుం అరగంటకి పైగా బిగుసుకుపోవడం ఉంటే అది ఈ మూడూ కాదు, కీళ్లవాతం డాక్టరు పని.

ఆవిడ నాలుగో నెల ఒకసారి వచ్చింది. లెక్క 2, 0, 2, 0. కాగితం మడిచి కొంగున ముడేసుకుని తెచ్చింది. చేతిలో పాత ఎక్స్‌రే కవరు కూడా ఉంది, ఆ ముల్లు పోయిందో లేదో మళ్లీ ఒక ఫొటో తీయించమంటారా అని అడిగింది. వద్దన్నాను.